మామిడి గుజ్జు ముందస్తు బుకింగ్‌కి ప్రకటన రాయడం ఎలా?

మామిడి గుజ్జుకి బుకింగులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. అప్పటికి కాయ ఇంకా చెట్టు మీదే ఉంటుంది. అంటే ఇంకా తయారు కాని సరుకుకి మీరు డబ్బు అడుగుతున్నారు. కొనేవాళ్లకి వచ్చే అనుమానాలు మీకు తెలియనివి కావు: ఇందులో పంచదార, రంగు కలుపుతారా? చెప్పిన రోజుకి వస్తుందా? రాకపోతే నా డబ్బు సంగతేంటి? "అమృతం లాంటి రుచి", "నాణ్యతకు మారుపేరు" లాంటి మాటలు వీటిలో దేనికీ జవాబు కావు. కొనేవాళ్లు మీ మాట మీద ఆధారపడకుండా సొంతంగా సరిచూసుకోగలిగిన సంగతులే ప్రకటనలో ఉండాలి. అవి ఎలా సమకూర్చుకోవాలో, ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

నూజివీడు దగ్గర ఒక చిన్న యూనిట్ ఉందనుకోండి. చిన్నరసాల గుజ్జు తీసి, ఫ్రీజ్ చేసి, కిలో పౌచ్‌లలో విజయవాడకి, హైదరాబాద్‌కి పంపుతారు. పెట్టెకి 5 పౌచ్‌లు. మీది తోతాపురి డబ్బా గుజ్జు అయినా, బంగినపల్లి అయినా అంకెలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ముందు లెక్క, తర్వాతే ప్రకటన

ప్రకటన రాసే ముందు ఎన్ని పెట్టెలకి బుకింగ్ తీసుకోవాలో తేల్చుకోండి. మన యూనిట్‌కి ఈసారి 3 టన్నుల కాయ వస్తుందని అంచనా అనుకుందాం. మగ్గేటప్పుడు కుళ్లినవి, దెబ్బ తగిలినవి ఏరేస్తే 2,600 కిలోలు మిగలవచ్చు. తొక్క, టెంక, పీచు పోగా గుజ్జు అందులో సగం దాకా వస్తుంది, అంటే సుమారు 1,300 కిలోలు. ఇది అంతా సవ్యంగా జరిగితే వచ్చే లెక్క. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క రాత్రి ఈదురుగాలి వీస్తే కాయ రాలిపోతుంది. అందుకని బుకింగ్ 900 కిలోలకే, అంటే 180 పెట్టెలకే ఆపాలి. మిగిలింది సీజన్‌లో నేరుగా అమ్ముకోవచ్చు, ఎవరి పెట్టెలోనైనా పౌచ్ పగిలితే బదులు పంపడానికీ పనికొస్తుంది.

రెండో లెక్క ఫ్రీజర్‌ది. చాలామంది దీన్ని మర్చిపోతారు. ఫ్రీజర్‌లో ఎంత సరుకు పడుతుందన్నది ఒకటి, ఒక రోజులో ఎంత గడ్డకట్టగలదన్నది వేరొకటి. గుజ్జు ఒకేసారి ఎక్కువ పెట్టేస్తే లోపలి చలి తగ్గిపోతుంది, మధ్యలో ఉన్న పౌచ్‌లు గంటల తరబడి మెత్తగానే ఉండి పులుస్తాయి. పౌచ్ ఉబ్బిందంటే జరిగింది అదే. అందుకే మన యూనిట్ 900 కిలోల్ని మూడు విడతలు చేసుకుంటుంది: విడతకి 60 పెట్టెలు, 300 కిలోలు. మీ ఫ్రీజర్‌కి ఇది కూడా ఎక్కువైతే విడతలు పెంచండి, లేదా దగ్గర్లోని కోల్డ్ స్టోరేజీలో చోటు మాట్లాడుకోండి. ప్రకటనలో తేదీలు ఈ లెక్క నుంచే పుడతాయి.

నాణ్యత గురించి ఏం రాయాలి

మొదట రకం పేరు, తోట ఉన్న ఊరు. "మేలు రకం మామిడి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "నూజివీడు మండలం తోటల్లో కోసిన చిన్నరసాలు" అంటే తెలిసినవాళ్లకి రుచి నాలుక మీదికి వస్తుంది. పైగా బజారులో దొరికే డబ్బా గుజ్జులో చాలా భాగం చిత్తూరు వైపు తోతాపురిది. ఆ రుచికి అలవాటు పడ్డవాళ్లు మీ రసాల గుజ్జు పలచగా ఉందనుకోవచ్చు. రకం ముందే చెబితే ఆ గొడవ ఉండదు. రెండు రకాలు కలుపుతుంటే అదీ రాసేయండి, కలపడం తప్పేమీ కాదు.

తర్వాత ఎలా మగ్గబెడతారో చెప్పండి. కాల్షియం కార్బైడ్‌తో పళ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. అందుకే "కార్బైడ్ వాడం" అని అందరూ రాస్తారు, అలా రాయడం వల్ల మీరు ప్రత్యేకంగా కనిపించరు. దాని బదులు మీరు చేసేది చెప్పండి: వరిగడ్డిలో ఐదారు రోజులు మగ్గబెడతారా, ఎథిలీన్ గ్యాస్ ఛాంబర్‌లో పెడతారా? ఎథిలీన్ గ్యాస్‌ని పరిమితి లోపల వాడటానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకుంటాయి, కాబట్టి దాచాల్సిన పని లేదు. కోసిన తేదీ, గుజ్జు తీసిన తేదీ, బ్యాచ్ నంబరు ప్రతి పౌచ్ మీద వేస్తామని రాయండి, వేయండి. కాయ కోసిన మర్నాడే గుజ్జు తీశారంటే గడ్డిలో మగ్గలేదని చూసినవాళ్లకే అర్థమవుతుంది. ఆ తేదీలు మీ మాటకి సాక్ష్యం.

తీపికి అంకె ఇవ్వగలిగితే మంచిది. గుజ్జులో కరిగి ఉన్న చక్కెర వంటి పదార్థాల శాతాన్ని బ్రిక్స్ అంటారు. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురు వైపు చూస్తే అంకె కనిపిస్తుంది. పోయిన సీజన్లో మీ బ్యాచ్‌ల కొలతలు రాసి పెట్టుకుని ఉంటే, వాటిలో అతి తక్కువది తీసుకుని, ఇంకో అంకె తగ్గించి ప్రకటనలో వేయండి. 17 నుంచి 19 మధ్య వస్తే "16కి తగ్గదు" అనండి. కొలతలు లేకపోతే అంకె వేయకండి. ఈ ఏడాది కొలిచి వచ్చే ఏడాది వేయొచ్చు. అంకె వేశాక మాత్రం దానికి తక్కువ వచ్చిన బ్యాచ్‌ని బుకింగ్ వాళ్లకి పంపకూడదు. ఒకటి గుర్తుంచుకోండి: పంచదార కలిపినా బ్రిక్స్ పెరుగుతుంది. కాబట్టి ఈ అంకె పక్కనే "పంచదార, రంగు, ప్రిజర్వేటివ్ కలపలేదు" అన్న మాట ఉండాలి. కలిపితే ఏది కలిపారో రాయాలి.

ల్యాబ్ రిపోర్ట్ ఉంటే చూపించండి, కానీ అది ఏ బ్యాచ్‌దో, ఏ తేదీదో కనిపించేలా. రెండేళ్ల కిందటి రిపోర్టునే ప్రతి ఏడాదీ అతికించేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ నంబరు 14 అంకెలూ వేయండి. లోగో ఒక్కటే పెట్టి నంబరు వదిలేయడం కన్నా లోగో లేకపోయినా నంబరు ఉండటం మేలు. foscos.fssai.gov.in లో ఎవరైనా ఆ నంబరు కొట్టి పేరు, చెల్లుబాటు చూసుకోవచ్చని కూడా చెప్పండి. అక్కడ కనిపించే పేరు, ప్రకటనలో పేరు ఒకటేనా అని మీరే ముందు చూసుకోండి. రిజిస్ట్రేషన్ నాన్నగారి పేరు మీద ఉండి, ప్రకటన కొత్త బ్రాండ్ పేరుతో వస్తే, "ఫలానా వారి యూనిట్" అని ఒక ముక్క కలిపితే సరిపోతుంది.

ఏ మాటలు వద్దు

"ఫ్రెష్" వద్దు. ఆహార ప్రకటనలపై 2018 నిబంధనల ప్రకారం, కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం లాంటివి తప్ప నిల్వ కాలం పెంచే ప్రక్రియ చేసిన సరుకుని ఫ్రెష్ అనకూడదు. మన యూనిట్ గుజ్జుని 85 డిగ్రీల దాకా వేడి చేసి, చల్లార్చి, ఫ్రీజ్ చేస్తుంది. ఆ సంగతే రాస్తే పోతుంది. "100 శాతం" అన్న మాటతోనూ జాగ్రత్త. నీళ్లు కలిపి తయారు చేసిన జ్యూస్‌ల మీద "100 శాతం పండ్లరసం" అని వేస్తున్నవాళ్లని ఆ మాట తీసేయమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జూన్‌లో ఆదేశించింది. మీ గుజ్జు జ్యూస్ కాకపోవచ్చు, అయినా "ఇందులో ఉన్నది: చిన్నరసాల గుజ్జు మాత్రమే" అనేది ఏ శాతం కన్నా బాగుంటుంది. సర్టిఫికెట్ లేకుండా "ఆర్గానిక్" అనకండి.

ఇంకొకటి, "త్వరపడండి, 7 పెట్టెలే మిగిలాయి!" నిజంగా ఏడే మిగిలి ఉంటే రాయొచ్చు. లేని కొరతని చూపించి తొందరపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 మార్గదర్శకాలు మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చాయి. చట్టం మాట అటుంచండి, మొన్న ఏడు మిగిలాయని, ఇవాళ ఇరవై మిగిలాయని చూసినవాళ్లు మీ తేదీలనీ నమ్మరు.

ఫొటో కూడా మాట లాంటిదే. ఏప్రిల్‌లో ప్రకటన ఇస్తూ పండిన పళ్ల ఫొటో పెడితే అది ఈ ఏడాదిది కాదని తెలిసిపోతుంది. చెట్టు మీద పచ్చి కాయ ఫొటో తీసి, కింద తేదీ వేయండి. పౌచ్ ఫొటో పోయిన ఏడాదిదైతే ఆ మాటే రాయండి.

తేదీ ఎలా ఇవ్వాలి

ఒక్క తేదీ ఇవ్వకండి. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని ఇవ్వండి. దాన్ని వెనక నుంచి కాకుండా కోత నుంచి ముందుకి లెక్కపెట్టండి. మన యూనిట్‌కి కోత మే 12న మొదలవుతుందని అంచనా. మగ్గడానికి ఆరు రోజులు వేసుకుంటే 18. గుజ్జు తీయడానికి ఒక రోజు, గట్టిగా గడ్డకట్టడానికి రెండు రోజులు, 21. వాన పడి కోత ఆగినా, కరెంటు పోయినా సర్దుకోవడానికి ఐదు రోజులు కలిపితే మొదటి విడత బయలుదేరేది మే 26. ఈ ఐదు రోజులు తీసేసి మే 21 అని రాస్తే ప్రకటన అందంగా ఉంటుంది, టెన్షన్ మాత్రం మీకు మిగులుతుంది.

మూడు విడతల తేదీలు ఇచ్చి ఎవరికి ఏది వీలో వాళ్లనే ఎంచుకోమనండి. వేసవి సెలవుల్లో ఊళ్లకి వెళ్లేవాళ్లు ఎక్కువ. ఇంటికి తాళం ఉన్న రోజు ఫ్రీజ్ చేసిన పెట్టె గుమ్మం ముందు పెడితే సాయంత్రానికి అది నీళ్లే.

పంపే ఊళ్లు పేర్లతో రాయండి, పంపలేని ఊళ్లకి లేదని చెప్పండి. ఎంత దూరం పంపగలరో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. థర్మోకోల్ పెట్టెలో 5 పౌచ్‌లు, గడ్డకట్టిన జెల్ ప్యాక్‌లు ఖాళీ లేకుండా సర్ది, టేపు వేసి, నీడలో గదిలో వదిలేయండి. ప్రయాణానికి పట్టే గంటలకి ఇంకో నాలుగు కలిపి, అప్పుడు తెరవండి. పౌచ్ మధ్యలో నొక్కితే గట్టిగా ఉంటే ఆ ఊరికి పంపొచ్చు. ఈ పరీక్ష మే నెల ఎండల రోజుల్లోనే చేయాలి. పోయిన మేలో చేసి ఉండకపోతే ఈసారికి దగ్గర ఊళ్లతో ఆగండి.

సరుకు ఏ స్థితిలో అందుతుందో కూడా ముందే చెప్పాలి. అంచులు కాస్త మెత్తబడటం మామూలే. మొత్తం కరిగి ఉంటే తీసుకోవద్దని మీరే చెప్పండి. కరిగాక పైన కొంచెం నీరు తేలడం, రంగు కాస్త ముదరడం సహజమని రాస్తే తర్వాత వచ్చే సగం ఫోన్లు తప్పుతాయి.

డబ్బు సంగతి

ధర అన్నీ కలిపి ఒకే అంకెగా ఇవ్వండి. కిలో 320 రూపాయలు, పెట్టె 1,600, డెలివరీ, పన్ను అందులోనే. మామిడి ధర సీజన్లో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర ఎంతగా పడిపోయిందంటే, రైతుకి కిలోకి 12 రూపాయలైనా దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. కాయ ధర పెరిగినా తగ్గినా బుకింగ్ ధర మారదని ఒక వాక్యం రాయండి. తగ్గినప్పుడు కొనేవాళ్లు, పెరిగినప్పుడు మీరు అడిగే వీలు లేకుండా పోతుంది.

అడ్వాన్స్ నాలుగో వంతు చాలు, పెట్టెకి 400. మిగతా 1,200 ఎప్పుడు? వాళ్ల పెట్టె బయలుదేరే రోజు, బ్యాచ్ నంబరు కనిపించే ఫొటో పంపాక. మొత్తం ముందే అడిగితే కొత్తవాళ్లు వెనక్కి తగ్గుతారు. అసలు అడ్వాన్స్ లేకుండా తీసుకుంటే సరుకు సిద్ధమయ్యాక "ఇప్పుడొద్దులెండి" అనేవాళ్లు ఉంటారు.

180 పెట్టెలకి అడ్వాన్స్ 72,000 రూపాయలు వస్తుంది. దీన్ని తోట కౌలుకో కాయ కొనడానికో ఖర్చు పెట్టేస్తే, గాలివాన వచ్చిన రోజు పంట, డబ్బు రెండూ ఉండవు. వేరే ఖాతాలో ఉంచండి. పెట్టుబడికి ఈ డబ్బు తప్పనిసరి అయితే, పంట మొత్తం పోయినా ఇంకెక్కడి నుంచైనా తెచ్చి తిరిగి ఇవ్వగలిగినంత మేరకే బుకింగులు తీసుకోండి. తిరిగి ఇస్తామన్న మాట ప్రకటనలో రాయడం తేలిక, దాని వెనక డబ్బు ఉందా లేదా అన్నది మీకొక్కరికే తెలుసు.

యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెర మీద ఖాతాదారు పేరు కనిపిస్తుంది. ఆ పేరేమిటో ప్రకటనలోనే రాయండి, "ఈ పేరు కనిపిస్తేనే పంపండి" అనండి. మీ బావమరిది నంబరుకి పంపమనడం మీకు సౌకర్యమే కావచ్చు, చూసేవాళ్లకి మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. రీఫండ్ పేరుతో పిన్, ఓటీపీ అడిగే మోసాలు బాగా నడుస్తున్నాయి కాబట్టి, డబ్బు వెనక్కి పంపడానికి ఏమీ అడగమని కూడా ఒక ముక్క చేర్చండి.

బుకింగ్ రద్దు చేసుకునే హక్కు ఎప్పటిదాకా, ఆ తర్వాత ఏమిటి అన్నది తేదీతో చెప్పండి. కోత మొదలయ్యే ముందు రోజు దాకా మొత్తం వెనక్కి ఇవ్వడం న్యాయంగా ఉంటుంది.

ప్రకటన పూర్తిగా

ఇవన్నీ కలిపితే మన యూనిట్ ప్రకటన ఇలా ఉంటుంది. మీ పేర్లు, అంకెలు వేసుకోండి.

> నూజివీడు చిన్నరసాల గుజ్జు: ముందస్తు బుకింగ్ ఏప్రిల్ 5 నుంచి 30 వరకు
>
> ఇందులో ఉన్నది చిన్నరసాల గుజ్జు మాత్రమే. పంచదార, రంగు, ప్రిజర్వేటివ్ కలపలేదు. కాయని వరిగడ్డిలో మగ్గబెట్టి, గుజ్జు తీసి, వడకట్టి, 85 డిగ్రీల దాకా వేడి చేసి, చల్లార్చి ఫ్రీజ్ చేస్తాం. తీపి 16 బ్రిక్స్‌కి తగ్గదు. కోసిన తేదీ, గుజ్జు తీసిన తేదీ, బ్యాచ్ నంబరు ప్రతి పౌచ్ మీద ఉంటాయి.
>
> పెట్టె: 5 పౌచ్‌లు, ఒక్కోటి నికరంగా 1 కిలో. ధర 1,600 రూపాయలు, పన్ను, డెలివరీ కలిపి. కాయ ధర పెరిగినా తగ్గినా ఇది మారదు.
>
> డెలివరీ విజయవాడ, హైదరాబాద్‌లకే. మీకు వీలైన విడత ఎంచుకోండి: మే 26–29, మే 31–జూన్ 3, జూన్ 5–8. ఏ రోజు వస్తుందో మూడు రోజుల ముందు ఫోన్ చేసి చెబుతాం. ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.
>
> పౌచ్‌ల అంచులు మెత్తబడి ఉండొచ్చు. పూర్తిగా కరిగినా, ఉబ్బినా, పగిలినా తీసుకోకండి, ఫొటో పంపండి. బదులు పంపుతాం, లేదా డబ్బు వెనక్కి ఇస్తాం, ఏది కావాలో మీ ఇష్టం. కరిగించాక ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో వాడేయాలి, మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు.
>
> అడ్వాన్స్ పెట్టెకి 400. మిగతా 1,200 మీ పెట్టె ఫొటో పంపిన తర్వాత. యూపీఐలో "ఖాతాదారు పేరు" కనిపిస్తేనే పంపండి. మే 11 దాకా రద్దు చేసుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి వస్తుంది. ఆ తర్వాత మీ బుకింగ్ ఇంకొకరి పేరుకి మార్చుకోవచ్చు, అడ్వాన్స్ మాత్రం తిరిగి రాదు.
>
> గాలివానకి పంట పోయినా, ఏ కారణం వల్లనైనా జూన్ 15 లోపు పెట్టె చేరకపోయినా, మీరు అడగకుండానే రెండు రోజుల్లో అడ్వాన్స్ వెనక్కి పంపుతాం. అందుకు పిన్, ఓటీపీ ఏదీ అడగం.
>
> ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు: (14 అంకెలు). foscos.fssai.gov.in లో సరిచూసుకోండి. యూనిట్ చిరునామా, ఫోన్, మాట్లాడే వేళలు.

పొడవుగా అనిపించవచ్చు. డబ్బు కట్టబోయేవాళ్లు ఇదంతా చదువుతారు, ఊరికే చూసి పోయేవాళ్లు రెండు లైన్లు కూడా చదవరు. పోస్టర్ కావాలంటే మొదటి పేరా, ధర, విడతల తేదీలు తీసుకుని, మిగతాది కింద వివరంగా పెట్టండి. పంట పోతే ఏమిటన్న పేరా మాత్రం పోస్టర్‌లోంచి తీసేయకండి. "అపశకునంగా ఉంటుంది, ఎందుకులే" అని ఇంట్లోవాళ్లు అంటారు. కొత్తగా కొనేవాళ్లు ముందు వెతికేది దాన్నే.

బుకింగ్ వచ్చాక

డబ్బు అందిన రోజే రసీదు మెసేజ్ పంపాలి. ప్రకటన చెరిగిపోవచ్చు, దొరక్కపోవచ్చు, ఈ మెసేజ్ వాళ్ల ఫోన్లో ఉంటుంది. డబ్బు వచ్చిందో లేదో వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు, మీ ఖాతా చూసి తేల్చుకోండి.

> మీ బుకింగ్ నంబరు 47. చిన్నరసాల గుజ్జు 2 పెట్టెలు, మొత్తం 3,200. అందిన అడ్వాన్స్ 800, మిగిలింది 2,400. విడత: మే 31–జూన్ 3, హైదరాబాద్. మే 11 దాకా రద్దు చేసుకోవచ్చు. జూన్ 15 లోపు చేరకపోతే 800 వెనక్కి వస్తాయి.

కోత మొదలైన రోజు తోటలో తీసిన ఒక ఫొటో, గుజ్జు తీసిన రోజు బ్రిక్స్ అంకె పంపితే చాలు. రోజూ మెసేజ్‌లు పెట్టక్కర్లేదు.

ఆలస్యం అవుతుందని మీకు తెలిసిన రోజే వాళ్లకీ తెలియాలి. "కొన్ని అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టకండి, కారణం చెప్పండి, కొత్త తేదీ ఇవ్వండి, నిర్ణయం వాళ్లకి వదలండి:

> మే 14, 15 తేదీల్లో వాన వల్ల కోత ఆగింది. మీ పెట్టెలు జూన్ 3కి బదులు జూన్ 6న చేరతాయి. ఆ రోజు వీలు కాకపోతే జూన్ 8, లేదా అడ్వాన్స్ 800 వెనక్కి. మూడింటిలో ఏదో రేపు సాయంత్రం లోపు చెప్పండి. జవాబు రాకపోతే మేమే ఫోన్ చేస్తాం.

ఆ ఫోన్ మీరే చేయండి, డెలివరీ కుర్రాడికి అప్పగించకండి. రీఫండ్ అడిగినవాళ్లకి అదే రోజు పంపేసి, ఖాళీ అయిన పెట్టెలు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఇవ్వండి. వచ్చే ఏప్రిల్‌లో ప్రకటన సిద్ధం కాగానే మొదట పంపాల్సిన జాబితాలో రీఫండ్ తీసుకున్నవాళ్ల నంబర్లూ ఉంచుకోండి.